పెట్టని టిక్కుకూ లెక్కుంది

51, 57, 71, 87. వీటిలో 3తో నిశ్శేషంగా భాగించగలిగేవి ఏవి? 71 తప్ప మిగతా మూడూ సరైనవే. ఇలాంటి ప్రశ్నలో టిక్కుకో మార్కు ఇచ్చి, తప్పుకు కోత పెట్టకపోతే నాలుగూ టిక్కు పెట్టినవాడికీ పూర్తి మార్కులు దక్కుతాయి.

జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ఇటీవలి పద్ధతి దీన్ని అడ్డుకుంటుంది. మూడూ గుర్తిస్తే 4 మార్కులు, రెండే గుర్తిస్తే 2, ఒక్కటే గుర్తిస్తే 1. ఒక్క తప్పు టిక్కు చేరినా మైనస్ 2.

71 కాదని తేల్చుకున్న అమ్మాయికి 87 మీద అనుమానం ఉందనుకోండి. అది సరైనదైతే టిక్కు పెట్టినందుకు 4, వదిలేస్తే 2. తప్పైతే టిక్కు పెడితే మైనస్ 2, వదిలేస్తే 4. అంటే లాభం 2, నష్టం 6. కాబట్టి నూటికి 75 పాళ్లకు మించి నమ్మకం ఉంటేనే టిక్కు లాభం.

ప్రశ్న రాసేవారు చూడాల్సింది ఒకటుంది. ఒక ఆప్షన్ తేలగానే మరొకటి దానంతట అదే తేలిపోకూడదు. ‘సరి సంఖ్య’, ‘బేసి సంఖ్య’ అని పక్కపక్కనే ఇస్తే ఒక్క తెలివికే రెండు ఆప్షన్లు తేలిపోతాయి. ఏ ఆప్షన్‌కు ఆ ఆప్షన్ విడిగా ఆలోచింపజేస్తేనే పాక్షిక మార్కుకు అర్థం.