మూడు వలయాల నడుమ ఎందరు?

పోటీ పరీక్షల పుస్తకాల్లో తరచూ కనిపించే లెక్క ఇది. ఒక హాస్టల్లో 100 మందిని టిఫిన్ల గురించి అడిగారు. ఇడ్లీ ఇష్టమన్నవారు 50 మంది, దోసె 45, పూరీ 40. ఇడ్లీ, దోసె రెండూ ఇష్టమన్నవారు 20. దోసె, పూరీ 15. ఇడ్లీ, పూరీ 18. ఏదీ వద్దన్నవారు 10. మరి మూడూ ఇష్టమన్నవారు ఎందరు?

ఒకదాన్నొకటి కోసుకునే మూడు వలయాలు గీస్తే లోపల ఏడు గదులు, బయట ఒకటి ఏర్పడతాయి. ఈ బొమ్మలను ప్రచారంలోకి తెచ్చిన జాన్ వెన్ 1880లో తన వ్యాసం ప్రచురించాడు. బయటివాళ్లకు ఆయన హద్దు గీయలేదు. చుట్టూ పెట్టె ఉండాలని పట్టుబట్టింది ‘ఆలిస్’ కథల రచయిత లూయీ కరోల్. ఆ పెట్టె ఎంత అవసరమో మన లెక్కలోనే తెలుస్తుంది.

ఏదో ఒకటైనా ఇష్టమన్నవారు 100లో 10 పోను 90 మంది. 50, 45, 40 కలిపితే మాత్రం 135 వస్తుంది. రెండు ఇష్టమన్నవాళ్లు రెండుసార్లు, మూడూ ఇష్టమన్నవాళ్లు మూడుసార్లు లెక్కకొచ్చారు మరి. జంటల మొత్తం 53 తీసేస్తే 82 మిగులుతుంది. అయితే మూడూ ఇష్టమైనవాళ్లు మూడు జంటల్లోనూ ఉంటారు కాబట్టి మూడుసార్లూ కొట్టుకుపోయారు. వాళ్లను ఒక్కసారి తిరిగి చేర్చాలి. 82కు ఎంత చేరిస్తే 90? 8.

ఇక నడి గదిలో 8 రాసి బయటికి రావడమే. ఇడ్లీ, దోసె మాత్రమే అన్నవారు 20 లోంచి 8 పోగా 12. అలాగే మిగతా జంటలు 7, 10. ఇడ్లీ ఒక్కటే అన్నవారు 50లోంచి 12, 10, 8 పోగా 20. దోసె ఒక్కటే 18, పూరీ ఒక్కటే 15. ఏడు గదులూ కూడితే సరిగ్గా 90.

తప్పు జరిగేది ఎక్కువగా ‘మాత్రమే’ దగ్గర. ప్రశ్నలో ఆ మాట లేకపోయినా ఉన్నట్టు అనుకుని 20, 15, 18లను నేరుగా జంటల గదుల్లో రాసేస్తే, నడి గదిలో మైనస్ 4 వస్తుంది. మైనస్ నలుగురు మనుషులుండరు కదా! అలా వస్తే కూడికలో తప్పు వెతికేముందు ప్రశ్నను మళ్లీ చదవాలి. అంకెలు మరోలా ఉండి మైనస్ రాకపోతేనే ప్రమాదం: తప్పు జవాబు ఒప్పులాగే కనిపిస్తుంది.

ప్రశ్నే తప్పయినప్పుడూ మైనస్ వస్తుంది. ఏదీ వద్దన్నవారు 25 అని ఉంటే వలయాల్లో మిగిలేది 75 మందే. జంటలు తీసేశాకే 82 మంది ఉన్నారు. మూడూ ఇష్టమన్నవారిని చేర్చాలే తప్ప తీసేయలేం. కనుక ఆ సర్వే అంకెలు ఒకదానితో ఒకటి పొసగవు.

బయటివారి సంఖ్య అసలు ఇవ్వకపోతే? అప్పుడు జవాబు ఒక్కటే ఉండదు. దోసె, పూరీ జంటలో ఉన్నదే 15 మంది కాబట్టి మూడూ ఇష్టమన్నవారు అంతకు మించరు. సున్నా నుంచి 15 దాకా ఏ సంఖ్య పెట్టినా ఏ గదిలోనూ మైనస్ రాదు. దాన్నిబట్టి ఏదీ వద్దన్నవారు 18 నుంచి 3 దాకా మారుతూ ఉంటారు.