ఇంట్లో ఎవరైనా ఇలా అంటారా?

గిన్నెలు తోమే లిక్విడ్ ఒకటి మార్కెట్లోకి కొత్తగా వస్తోందనుకోండి. రేడియో ప్రకటనను ముంబయిలో ఇంగ్లిష్‌లో రాస్తారు. అక్కణ్నుంచి అది తమిళం, కన్నడం, మరాఠీ, తెలుగు భాషల్లోకి ఒకేసారి వెళ్తుంది. నిడివి 20 సెకన్లు. కొన్నాళ్లకు తెలుగు స్క్రిప్టు ఇలా తయారై వస్తుంది. ఇది ఈ వ్యాసం కోసం నేను రాసినదే అయినా, ఇలాంటివి వినని రోజు ఉండదు:

“మీరు మీ యొక్క గిన్నెల పైన ఉన్న మొండి జిడ్డు మరియు మాడిన మరకలతో విసిగిపోయారా? పరిచయం చేస్తున్నాము సరికొత్త డిష్‌వాష్ లిక్విడ్! నిమ్మకాయ యొక్క శక్తితో నిండిన దీని ప్రత్యేక ఫార్ములా కఠినమైన జిడ్డును తొలగిస్తుంది, అయినప్పటికీ మీ చేతుల పట్ల మృదువుగా ఉంటుంది. కేవలం ఒక్క చుక్క మాత్రమే చాలు. ఈరోజే తేడాను అనుభవించండి!”

వ్యాకరణం ప్రకారం ఇందులో పెద్ద తప్పేమీ లేదు. ఇంగ్లిష్‌లో ఉన్న ప్రతి మాటా దిగింది. కానీ తెలుగు వంటింట్లో ఎవరూ ఎవరితోనూ ఇలా మాట్లాడరు. దీన్ని సరిచూసే బాధ్యత సమీక్షకుడిది. ఆయన చేయాల్సిన మొదటి పని, ఇంగ్లిష్ కాగితాన్ని పక్కన పెట్టేయడం. మూలం ఒకసారి కళ్లబడితే ఎంత బిగుసుకుపోయిన వాక్యానికైనా మన బుర్ర అర్థాన్ని అందిస్తూ పోతుంది. వినేవాళ్లకు ఆ సాయం ఉండదు. అందుకే ముందు తెలుగు ఒక్కటే పైకి చదవాలి, ఊపిరి తడబడిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టాలి.

మొదటి గీత మొదటి వాక్యంలోనే పడుతుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి గిన్నెలు, జిడ్డు, మరకలు అన్నీ మనసులో మోసుకుంటూ “విసిగిపోయారా” దాకా నడవాలి. అచ్చులో అయితే కన్ను వెనక్కి వెళ్లి చూసుకుంటుంది, చెవికి ఆ వీలు లేదు. మాటలు అటూ ఇటూ జరిపితే ఇది కుదరదు, వాక్యాన్నే విరవాలి. “గిన్నె మాడిందా? ఎంత తోమినా జిడ్డు పోవడం లేదా?” ఇప్పుడు రెండు చిన్న ప్రశ్నలు, క్రియ వెంటనే అందుతుంది. “మీరు”, “మీ యొక్క” పోయాయి, ఎవర్ని అడుగుతున్నామో తెలుస్తూనే ఉంది కదా. “మరియు”తో పని లేకపోయింది. అవసరమైనా “జిడ్డూ మరకా” అని చివర సాగదీస్తే సరిపోయేది. విసుగు అనే మాట కనబడకపోయినా, విసుగు మాత్రం “ఎంత తోమినా”లో ఉంది.

ఇక్కడే మరో సంగతి. చాలాసార్లు ఒకే రికార్డింగ్ ఆంధ్రలోనూ తెలంగాణలోనూ వినిపిస్తుంది. కోస్తాలో “అంట్లు” అంటే ఇంటి మాటలా ఉంటుంది, తెలంగాణలో “బోళ్లు” అలా ఉంటుంది. “గిన్నెలు” రెండు చోట్లా చెల్లుతుంది. “పోవట్లేదా”, “పోతలేదా” అనే రెండింటి బదులు “పోవడం లేదా” అన్నదీ అందుకే. దీనివల్ల కొంచెం రుచి తగ్గుతుంది, అది నిజమే. రెండు వేర్వేరు రికార్డింగులకు డబ్బు పెట్టే కంపెనీ అయితే ఇలా సర్దుకోనక్కర్లేదు.

“పరిచయం చేస్తున్నాము” అని క్రియను ముందుకు లాగడం ఇంగ్లిష్ వరసే. మన దగ్గర వస్తువును చూపించే మనిషి “ఇదిగో” అంటాడు. ఆ ఒక్క మాట చాలు. చివరి పిలుపు ఇంకా ఇబ్బంది పెడుతుంది. “అనుభవించు” అని ఎదుటి మనిషితో ఎప్పుడంటాం? చేసుకున్నదానికి ఫలితం వచ్చినప్పుడు. తేడాను అనుభవించమంటే శాపనార్థంలా తగులుతుంది. “వాడి చూడండి, తేడా మీకే తెలుస్తుంది” అన్నప్పుడు తీర్పు వినేవాళ్ల చేతికి వెళ్తుంది. తెలుగు అమ్మకందారు ఎప్పటి నుంచో మాట్లాడే పద్ధతి అదే. “కేవలం ఒక్క చుక్క మాత్రమే చాలు” అనడంలో ఒకే సంగతి మూడుసార్లు ఉంది. “ఒక్క” అని ఒత్తి పలకడంలోనే మిగతా రెండూ ఇమిడి ఉన్నాయి.

అసలు ప్రమాదం మధ్య భాగంలో ఉంది, అదీ బాగా రాయగలిగిన వాళ్లకే. చేయి తిరిగిన రచయిత ఈ ముక్కను వదులు చేస్తే ఇలా వస్తుంది: “నిమ్మరసం పడితే ఎంతటి జిడ్డైనా వదలాల్సిందే! చేతులకు మంట అన్నదే ఉండదు.” వినడానికి ఎంతో బాగుంది. కానీ ఇంగ్లిష్‌లో ఉన్నది నిమ్మ శక్తి. సీసాలో నిజంగా నిమ్మరసం ఉందో, వాసన మాత్రమే ఉందో లేబుల్ చూడకుండా “నిమ్మరసం” అనకూడదు. “వదలాల్సిందే” అనేది హామీ, మూలం అంత దూరం పోలేదు. “మంట అన్నదే ఉండదు” అనడం ప్రతి ఒక్కరి చర్మం తరఫునా మాట ఇచ్చినట్టు. మాటల తెలుగుకు సహజంగానే ఊపు ఎక్కువ. ఆ ఊపులో కంపెనీ రుజువు చేయలేని మాట కలిసిపోతుంది. 1985లో ఏర్పడిన ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ ఆస్కీ, ప్రకటనలో చెప్పినదానికి ఆధారం అడుగుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు జరిమానా కూడా పడొచ్చు. ఇంగ్లిష్‌లో జాగ్రత్తగా రాశామన్న సమాధానం తెలుగు ప్రకటనను కాపాడదు.

అందుకే పక్కన పెట్టిన ఇంగ్లిష్ కాగితాన్ని ఇప్పుడు తీయాలి. వాక్యాన్ని వాక్యంతో పోల్చడం కాదు, వాగ్దానాన్ని వాగ్దానంతో తూచాలి. “ఇందులో నిమ్మ పవర్ ఉంది. జిడ్డు మీద గట్టిగా, చేతుల మీద మెత్తగా.” “అయినప్పటికీ” అనకుండానే ఆ రెండు గుణాల ఎదురుబొదురు వినిపిస్తోంది, వాగ్దానం కూడా మూలం దాటలేదు. “ప్రత్యేక ఫార్ములా” ఉండి తీరాలా అన్నది క్లయింటును అడిగి తేల్చుకోవాలి. మొత్తం కలిపితే:

“గిన్నె మాడిందా? ఎంత తోమినా జిడ్డు పోవడం లేదా? ఇదిగో, సరికొత్త డిష్‌వాష్ లిక్విడ్! ఇందులో నిమ్మ పవర్ ఉంది. జిడ్డు మీద గట్టిగా, చేతుల మీద మెత్తగా. ఒక్క చుక్క చాలు. వాడి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.”

ఇంత చేశాక కూడా ఇది వెనక్కి తిరిగి రావచ్చు. క్లయింటుకు తెలుగు రాదు. అందుకని తెలుగు స్క్రిప్టును మళ్లీ ఇంగ్లిష్‌లోకి మార్పించి, అసలుదాని పక్కన పెట్టి చూస్తారు. దీన్ని బ్యాక్ ట్రాన్స్‌లేషన్ అంటారు. బిగుసుకుపోయిన మొదటి స్క్రిప్టు ఈ పరీక్షలో మూలంతో అచ్చంగా సరిపోతుంది. సహజంగా ఉన్న రెండోదానికి మాత్రం “విసుగు ఎక్కడ? పరిచయం ఎక్కడ?” అని ప్రశ్నలు వస్తాయి. కట్టె తెలుగు ఇన్నేళ్లుగా రేడియోలో బతికి ఉండటానికి ఇది పెద్ద కారణమని నా నమ్మకం. అనువాదకులకు తెలుగు రాక కాదు, మాటకు మాట దించితే ఎవరూ ప్రశ్నించరని తెలిసి అలా రాస్తారు.

దీనికి సమీక్షకుడి దగ్గర ఉన్న మందు, మార్చిన ప్రతి వాక్యం పక్కనా రెండు ముక్కల్లో కారణం రాయడం. “అనుభవించండి” తెలుగు చెవికి తిట్టులా వినిపిస్తుందని చెబితే ఏ క్లయింటైనా ఆగి ఆలోచిస్తాడు. రెండు స్క్రిప్టులనూ ఫోన్‌లో చదివి ఆ రికార్డింగులు పంపితే ఇంకా మంచిది. భాష రాకపోయినా, చదివే మనిషి ఎక్కడ ఎగశ్వాస పడుతున్నాడో చెవికి తెలుస్తుంది. మొదటి స్క్రిప్టు 20 సెకన్లనూ నింపేసి ఊపిరికి చోటివ్వదు. రెండోది చదివాక ఇంకా సమయం మిగులుతుంది. అందులో గిన్నె మీద నీళ్లు పడే చప్పుడు పెట్టొచ్చు. అంతకంటే ముఖ్యంగా, ప్రశ్న తర్వాత ఓ క్షణం ఆగొచ్చు. ఆ క్షణంలోనే వినే మనిషి మనసులో “అవును” అనుకునేది.

రికార్డింగ్ రోజున కూడా సమీక్షకుడు స్టూడియోలో ఉండాలి. అప్పటికప్పుడు ఒక మాట వాయిస్ ఆర్టిస్టు నోట నలిగితే దాన్ని పదిసార్లు చెప్పించడం కంటే మార్చడమే మేలు. అయితే క్లయింటు ముందే ఒప్పుకున్న ప్రత్యామ్నాయం చేతిలో లేకపోతే అక్కడ మార్చే అధికారం ఎవరికీ ఉండదు. కాబట్టి తడబాటుకు అవకాశమున్న ప్రతి వాక్యానికీ రెండో రూపం ఒకటి ముందుగానే ఆమోదం చేయించుకుని వెళ్లాలి.