‘ఎంతకు పడింది?’ – దిగుమతి సరుకు నిల్వల అసలు ధర: ఒక వివరణ

వ్యాససంగ్రహం:
సరఫరాదారు ఇచ్చిన ఇన్వాయిస్‌లోని ధర సరుకు అసలు ధర కాదు. ఓడ కిరాయి, బీమా, సుంకం, రేవు ఖర్చులు, లారీ బాడుగ కలిసిన తరువాతే అది తేలుతుంది. ఈ అదనపు ఖర్చుల్లో వేటిని కలపాలి, వేటిని కలపకూడదు, కలిపినవాటిని వేర్వేరు వస్తువులకు ఎలా పంచాలి అనే విషయాలను ఒక ఊహాత్మక ఉదాహరణతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పడిన ధర, ల్యాండెడ్ కాస్ట్, సరుకు నిల్వలు, కస్టమ్స్ సుంకం, ఖర్చుల పంపకం.

1. ఉపోద్ఘాతం:
తెలుగు వ్యవహారంలో ‘ఎంతకు కొన్నావు?’, ‘ఎంతకు పడింది?’ అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి సమాధానం అమ్మినవాడి చీటీలో ఉంటుంది. రెండవదానికి సమాధానం చెప్పాలంటే దారి ఖర్చులు, పన్నులు, కూలి అన్నీ లెక్క వేయాలి. వాణిజ్యశాస్త్రం ‘ల్యాండెడ్ కాస్ట్’ అని పిలిచేది ఈ రెండవ సమాధానాన్నే. అందువల్ల ఈ వ్యాసంలో దానిని ‘పడిన ధర’ అని వ్యవహరిస్తున్నాను.

2. ధరలో చేరేవి, చేరనివి:
సరుకు నిల్వల విలువ కట్టడానికి మన దేశంలో అకౌంటింగ్ స్టాండర్డ్ 2, కొన్ని కంపెనీలకు ఇండ్ ఏఎస్ 2 వర్తిస్తాయి. కొనుగోలు ధర, తిరిగి రాని సుంకాలు, పన్నులు, సరుకును తెచ్చుకోవడానికి అయిన రవాణా ఖర్చు నిల్వల విలువలో భాగమని రెండూ చెబుతాయి. ఇందులో ‘తిరిగి రాని’ అన్న విశేషణం కీలకమైనది. దిగుమతిపై చెల్లించే మూల కస్టమ్స్ సుంకం తిరిగి రాదు కాబట్టి అది ధరలో చేరుతుంది. అదే రేవులో చెల్లించిన ఐజీఎస్టీని, అర్హత గల వ్యాపారి ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌గా తిరిగి పొందుతాడు కాబట్టి అది ధరలో చేరదు. ఆ అర్హత లేనివారికి మాత్రం ఐజీఎస్టీ కూడా ధరలో భాగమే అవుతుంది.

రెండవ హద్దు సాధారణ, అసాధారణ ఖర్చుల మధ్య ఉంది. సరుకు దించిన కూలి సాధారణ ఖర్చు. పత్రాలు సకాలంలో సమర్పించనందున రేవుకు కట్టిన డెమరేజి అసాధారణమైనది. మన ఆలస్యం వల్ల సరుకు విలువ పెరగదు కాబట్టి దానిని ఆ ఏటి ఖర్చుగానే రాయాలి. గోదాములో సరుకు అమ్మకానికి ఎదురుచూస్తున్న కాలపు అద్దె కూడా ఇటువంటిదే.

3. ఉదాహరణ:
విజయవాడలోని ఒక వ్యాపారి విశాఖపట్నం రేవు ద్వారా రెండు రకాల వస్తువులను దిగుమతి చేసుకున్నాడనుకుందాం. మొదటిది ఇత్తడి కుళాయిలు: 1,000, ఒక్కొక్కటి రూ. 600, బరువు 1 కిలో. రెండవది పింగాణీ వాష్ బేసిన్లు: 500, ఒక్కొక్కటి రూ. 800, బరువు 8 కిలోలు. ఇన్వాయిస్ మొత్తం రూ. 10,00,000. మొత్తం బరువు 5,000 కిలోలు.

ఓడ కిరాయి రూ. 90,000, బీమా రూ. 10,000 కలిపితే సుంకం విధించే విలువ రూ. 11,00,000. మూల సుంకం 10 శాతం అనుకుంటే, ఆ సుంకంపై మరో 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జి కలిసి రూ. 1,21,000 అవుతుంది. రేవులో దించుడు, కస్టమ్స్ ఏజెంటు ఖర్చులు రూ. 40,000. విజయవాడకు లారీ బాడుగ రూ. 40,000. రేవుకు చేరాక అయ్యే దించుడు ఖర్చు, 2017లో కస్టమ్స్ విలువ నిర్ణయ నియమాలను సవరించిన తరువాత, సుంకం లెక్కకు రాదు; కానీ వ్యాపారి పుస్తకాల్లో మాత్రం ధరలో చేరుతుంది. ఐజీఎస్టీని పక్కన పెడితే మొత్తం పడిన ధర రూ. 13,01,000.

4. పంపకంలో దాగిన చిక్కు:
ఇంతవరకు వివాదం లేదు. అదనంగా వచ్చిన రూ. 3,01,000ను రెండు వస్తువులకు ఎలా పంచాలన్నదే అసలు ప్రశ్న. తేలికైన మార్గం ఇన్వాయిస్ విలువను బట్టి పంచడం. రూపాయికి 30.1 పైసలు అదనం కాబట్టి కుళాయి రూ. 780.60, బేసిన్ రూ. 1,040.80 అవుతాయి.

అయితే ఓడ, లారీ, కూలి ఖర్చులు వస్తువు ఖరీదును చూసి పెరగలేదు. ఇక్కడ అవి బరువును బట్టి పెరిగాయి. కనుక ఏ ఖర్చును ఆ ఖర్చుకు కారణమైన కొలతతోనే పంచాలి. ఓడ, రేవు, లారీ ఖర్చులు కలిపి రూ. 1,70,000, కిలోకు రూ. 34. బీమా విలువను బట్టి వస్తుంది. రూపాయికి ఒక పైసా. సుంకాన్ని మనం పంచనవసరం లేదు. బిల్ ఆఫ్ ఎంట్రీలో ప్రతి వస్తువుకు ఎదురుగా ఉన్న అంకెనే తీసుకోవాలి. ఇక్కడ కుళాయిలకు రూ. 72,600, బేసిన్లకు రూ. 48,400 ఉన్నాయనుకుందాం.

ఈ పద్ధతిలో కుళాయి ధర 600 + 6 + 34 + 72.60 = రూ. 712.60. బేసిన్ ధర 800 + 8 + 272 + 96.80 = రూ. 1,176.80. రెండు పద్ధతుల్లోనూ మొత్తం రూ. 13,01,000 మాత్రమే. మొత్తం సరిపోతున్నందువల్లనే ఈ పొరపాటు పుస్తకాల్లో కంటికి కనిపించదు.

5. పర్యవసానం:
మొదటి లెక్కను నమ్మిన వ్యాపారి బేసిన్‌ను రూ. 1,150కు అమ్మి, రూ. 109.20 లాభం వచ్చిందనుకుంటాడు. నిజానికి ఒక్కొక్కదానిపై రూ. 26.80 నష్టపోతున్నాడు. ధర తక్కువ కాబట్టి బేసిన్లు త్వరగా అమ్ముడవుతాయి. ఆ వేగాన్ని చూసి అతడు మళ్లీ అవే తెప్పిస్తాడు. కుళాయిలకు మాత్రం లేని ఖర్చును మోపి ఎక్కువ ధర పెట్టడంతో అవి మిగిలిపోతాయి.

మార్చి 31 నాటికి బేసిన్లన్నీ అమ్ముడై, కుళాయిలన్నీ మిగిలాయనుకుందాం. ముగింపు నిల్వ విలువ రూ. 7,12,600 ఉండవలసిన చోట రూ. 7,80,600గా నమోదవుతుంది. ఆ తేడా రూ. 68,000 ఆ ఏటి లాభంగా కనిపించి, పన్ను లెక్కలోకి కూడా వెళుతుంది. రవాణా, సుంకాలను ధరలో కలపకుండా నేరుగా ఖర్చు రాసేవారి విషయంలో ఇది తలకిందులవుతుంది. అదే కుళాయిల నిల్వ రూ. 6,00,000గా మిగిలి, లాభం రూ. 1,12,600 మేరకు తగ్గి కనిపిస్తుంది.

6. పరిమితులు, గుర్తించే మార్గాలు:
బరువు అన్నివేళలా సరైన కొలత కాదు. తేలికైనా చోటు ఎక్కువ ఆక్రమించే సరుకుతో కంటైనర్ నిండితే ఘనపరిమాణాన్ని బట్టి పంచాలి. కంటైనర్‌లో కొంత భాగమే తీసుకున్నప్పుడు ఓడ కంపెనీలు సాధారణంగా టన్ను, ఘనపు మీటరు అనే రెండింటిలో ఏది ఎక్కువైతే దానిపై కిరాయి కడతాయి. కనుక కిరాయి బిల్లు ఏ కొలతపై తయారైందో మొదట చూడాలి.

రవాణా బిల్లు సరుకు అమ్ముడయ్యాక రావడం మరొక చిక్కు. అప్పుడు సరుకు చేరిన రోజునే అంచనా మొత్తాన్ని ధరలో కలిపి, బిల్లు వచ్చాక తేడాను సరిచేయాలి. ఆ తేడాలో అమ్ముడైన సరుకు వాటా ఖర్చులోకి, మిగిలినదాని వాటా నిల్వలోకి పోతాయి.

పొరపాటును పసిగట్టడానికి ఒక పరీక్ష ఉంది. వస్తువులను కిలో ఒక్కింటికి ఇన్వాయిస్ ధరను బట్టి వరుసగా రాయాలి. కుళాయికి అది రూ. 600, బేసిన్‌కు రూ. 100. ఈ వరుసలో అట్టడుగున ఉన్న వస్తువుకు కలిపిన రవాణా శాతం, పైనున్న వస్తువుకు కలిపిన శాతంతో సమానంగా ఉంటే పంపకం ఖరీదును బట్టి జరిగిందని, దానిని తిరిగి చూడాలని అర్థం.

7. ముగింపు:
ఇన్వాయిస్ ‘ఎంతకు కొన్నావు?’ అన్న ప్రశ్నకే జవాబు చెబుతుంది. ‘ఎంతకు పడింది?’ అన్నదానికి జవాబు మొత్తం ఖర్చు తెలిసినంత మాత్రాన దొరకదు. ప్రతి ఖర్చూ దేనివల్ల వచ్చిందో ఆ వస్తువుకే దానిని చేర్చినప్పుడు మాత్రమే దొరుకుతుంది. పై ఉదాహరణలో బేసిన్‌పై లాభాన్ని నష్టంగా మార్చినది ఖర్చు పెరగడం కాదు, అదే ఖర్చును సరైన కొలతతో పంచడం.