డియో కొట్టినా చొక్కా తడుస్తోందా?

మా బాబాయి కొడుకుది రేపల్లె. పొద్దున్నే రైలెక్కి, తెనాలిలో బండి మారి, బాపట్లలో ఒక కాలేజీకి పాఠాలు చెప్పడానికి వెళ్తాడు. మే నెలలో ఓ ఆదివారం తెనాలిలో మా ఇంటికొచ్చి, బ్యాగులోంచి రెండు డియో డబ్బాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. "రోజూ ఇవి కొడుతూనే ఉన్నా అన్నయ్యా. అయినా బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే చంక కింద ఇంత మచ్చ. వెనక బెంచీల్లో నవ్వులు. ఇప్పుడు సగం పాఠం కూర్చునే చెప్పేస్తున్నా" అన్నాడు.

డబ్బాలు తిప్పి వెనకున్న సన్నటి అక్షరాలు చదివాను. రెండింట్లోనూ ఆల్కహాల్, సెంటు, గ్యాస్. అంతే. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే బగ్ ఒకచోట ఉంటే వీడు ప్యాచ్ ఇంకోచోట వేస్తున్నాడు.

వాసన వేరు, తడి వేరు

చెమటకు దానంతట దానికి పెద్దగా వాసన ఉండదు. చంకల్లో ఉండే బ్యాక్టీరియా ఆ చెమటలోని పదార్థాలను తిని విడగొట్టినప్పుడే వాసన పుడుతుంది. డియోడరెంట్ ఆ బ్యాక్టీరియాను తగ్గిస్తుంది, మిగిలిన వాసనను సెంటుతో కప్పేస్తుంది. చెమటను మాత్రం ఆపదు. ఇక మన బాపట్ల, రేపల్లె వైపు సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. పట్టిన చెమట త్వరగా ఆరదు, చొక్కాకే అంటుకుంటుంది. కాబట్టి తడి సమస్యకు డియో ఎంత కొట్టినా లాభం లేదు. దానికి కావాల్సింది యాంటీపర్‌స్పిరెంట్.

అల్యూమినియం ఏం చేస్తుంది?

యాంటీపర్‌స్పిరెంట్‌లో అసలు సరుకు అల్యూమినియం లవణం. అది చెమటలో కరిగి, చెమట నాళం మూతి దగ్గర జిగురు లాంటి ముద్దగా మారుతుంది. సీసాకు బిరడా పెట్టినట్టు అక్కడ అడ్డం పడుతుంది. గ్రంథికి ఏమీ కాదు. చర్మం పై పొర రాలేకొద్దీ ఆ బిరడా కూడా పోతుంది. అందుకే మళ్లీ మళ్లీ రాయాలి.

ఇదంతా విన్నాక మావాడు మర్నాడే అల్యూమినియం క్లోరోహైడ్రేట్ ఉన్న రోల్-ఆన్ కొన్నాడు. పొద్దున స్నానం చేసి, రాసుకుని, స్టేషన్‌కు పరిగెత్తాడు. నాలుగు రోజుల తర్వాత ఫోన్: "ఇదీ పనిచేయట్లేదు."

పనిచేయదు మరి. చెమట ధారగా వస్తుంటే బిరడా కట్టేలోపే మందు కొట్టుకుపోతుంది. రాత్రి నిద్రలో చెమట బాగా తక్కువ. అప్పుడు రాస్తే లవణం నాళంలోకి దిగి గట్టిపడడానికి గంటల కొద్దీ టైం దొరుకుతుంది. పొద్దున స్నానం చేసినా బిరడా పోదు, ఎందుకంటే అది నాళం లోపల ఉంటుంది.

మంట ఎందుకు పుట్టింది?

రాత్రిపూట రాస్తే కొంత తగ్గింది కానీ సరిపోలేదు. చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్తే 20 శాతం అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం రాశారు. మొదటి రాత్రే మంటతో లేచి కూర్చున్నాడు. ఆరా తీస్తే, సాయంత్రమే షేవ్ చేసుకున్నాడు, స్నానం చేసి తడి ఆరకుండానే రాసేశాడు. అల్యూమినియం క్లోరైడ్‌కు నీళ్లు తగిలితే కాస్త హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది. గీరిన చర్మం మీద అది మండకుండా ఉంటుందా?

రెండు రోజులు ఆపి, పద్ధతి మార్చాడు. పడుకునే ముందు చంకలు తుడుచుకుని, ఫ్యాన్ కింద పూర్తిగా ఆరనిచ్చి, పల్చగా ఒక్క పూత. పొద్దున కడిగేయడం. షేవ్ చేసిన రోజు బంద్. వారం పది రోజుల్లో మచ్చ చిన్నదైంది. ఆ తర్వాత వారానికి రెండు రాత్రులు చాలన్నారు డాక్టర్.

కొనేటప్పుడు

డబ్బా ముందు వైపు "48 గంటల ఫ్రెష్" అని చూసి మోసపోవద్దు. వెనక పదార్థాల్లో అల్యూమినియం పేరు ఉందో లేదో చూడండి. వాసనే మీ సమస్య అయితే డియో చాలు. చొక్కా తడిస్తే క్లోరోహైడ్రేట్ రోల్-ఆన్‌తో మొదలుపెట్టండి. అది చాలకపోతేనే డాక్టర్ సలహాతో క్లోరైడ్. మంగలి షాపులో పటిక కూడా అల్యూమినియం లవణమే. వాసనకు కొంత పనికొస్తుంది గానీ ధారగా కారే చెమటను ఆపే బలం దానికి లేదు.

పూర్తిగా పొడిగా అయిపోతామని మాత్రం అనుకోవద్దు. అమెరికాలో యాంటీపర్‌స్పిరెంట్ అనిపించుకోవాలంటే చెమటను కనీసం 20 శాతం తగ్గించాలి. "ఎక్స్‌ట్రా" అని రాసుకోవాలంటే 30 శాతం. అంతే! చంకల్లో ఆపితే ఒళ్లు వేడెక్కిపోతుందన్న భయం అక్కర్లేదు, మిగతా ఒళ్లంతా చెమట పడుతూనే ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ వస్తుందన్న ఫార్వర్డులకూ ఇప్పటిదాకా రుజువు లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగే వాడాలి. నిద్రలో బట్టలు తడిసేంత చెమట పట్టినా, ఉన్నట్టుండి చెమట పెరిగినా రోల్-ఆన్ కాదు, డాక్టర్ కావాలి.

మొన్న మావాడు మళ్లీ ఇంటికొచ్చాడు. వీపంతా తడే, తెనాలి ఎండ ఎవరినీ వదలదు కదా! చంకల దగ్గర మాత్రం అరచేయంత ఉండే మచ్చ రూపాయి బిళ్లంత అయింది. "ఇప్పుడు బోర్డు పైవరస నుంచే రాస్తున్నా అన్నయ్యా" అన్నాడు.