స్క్రోలింగ్ కింద పాదాలు

కూచిపూడి తరంగంలో చూడవలసినదంతా కిందే ఉంటుంది. నర్తకి ఇత్తడి పళ్లెం అంచున నిలబడి, దాన్ని పాదాలతో కదుపుతూ తాళం వేస్తుంది. న్యూస్ చానల్ ఆ కార్యక్రమాన్ని లైవ్‌లో చూపిస్తే సరిగ్గా అక్కడే ఉల్లి ధర, ఉప ఎన్నిక, వాయుగుండం వరసగా పరిగెడుతుంటాయి. మనవరాలి నాట్యం టీవీలో వస్తోందని ఇంట్లోవాళ్లు సెట్‌టాప్ బాక్సుకు పెన్‌డ్రైవ్ గుచ్చి రికార్డు చేసుకుంటే, దాంతోపాటు ఆనాటి వార్తలు కూడా ఇంట్లో శాశ్వతంగా ఉండిపోతాయి.

ఈ స్క్రోలింగ్ అంతకుముందూ అడపాదడపా కనిపించేదే. 2001 సెప్టెంబరు 11న అమెరికాలో దాడులు జరిగిన రోజు ఫాక్స్ న్యూస్, సీఎన్ఎన్ వంటి చానళ్లు దాన్ని ఆపకుండా నడిపాయి. ఆ తర్వాత అది న్యూస్ చానళ్లకు ఒంటి మీద బట్టలా అయిపోయింది.

స్క్రోలింగును తీసేస్తే కింద పాదాలు కనిపిస్తాయని చాలామంది ఆశపడతారు. కనిపించవు. చానల్ కంట్రోల్ రూములోనే అక్షరాల పట్టీని బొమ్మతో కలిపేసి ఒకే బొమ్మగా బయటికి పంపుతారు. పట్టీ లేని బొమ్మంటూ ఉంటే అది చానల్ దగ్గరే ఉండాలి. పెన్‌డ్రైవులోకి వచ్చింది మాత్రం కలిసిపోయినదే. చేయగలిగిందల్లా ఆ కదిలే పట్టీ కంటిని లాక్కుపోకుండా చూడటం. అందుకు దారులు రెండు: కోసేయడం, కప్పేయడం.

ముందు కొలత. రికార్డింగ్ 1920 × 1080 అనుకుందాం. ఒక ఫ్రేము దగ్గర ఆపి, ఫొటోగా తీసి, ఫొటోల సాఫ్ట్‌వేరులో చూస్తే పట్టీ 102 గీతల ఎత్తుందని తేలింది. దాని పై అంచు కత్తిరించినట్టు ఉండదు, కొద్దిగా మసకగా బొమ్మలోకి పాకుతుంది. అందుకని 104 తీసుకోవాలి. సరి సంఖ్యే ఎందుకంటే, మామూలు వీడియోలో రంగును నాలుగు చుక్కలకు ఒకసారి, రెండు గీతలకు ఉమ్మడిగా దాస్తారు. బేసి సంఖ్య దగ్గర కోస్తే ఆ జంట విడిపోతుంది.

కింద 104 గీతలు కోసేస్తే ఎత్తు 976 మిగులుతుంది. టీవీ తెర నిండాలంటే వెడల్పూ అదే నిష్పత్తిలో తగ్గాలి: 1736. అంటే కుడి ఎడమల చెరో 92 చుక్కలు పోతాయి. లెక్క వేస్తే బొమ్మలో దాదాపు 18 శాతం చేజారినట్టు. ఒక్కరే మధ్యలో ఆడుతుంటే ఫరవాలేదు. బృందంలో మనవరాలు కుడివైపు చివర నిలబడిందంటే, పట్టీతోపాటు ఆమె చెయ్యీ పోతుంది. పక్కలు కోయకపోతే టీవీయే పైనా కిందా 52 గీతల నలుపు పెడుతుంది. ఆ మాత్రానికి కోయడం దేనికి, కప్పితే సరిపోదా?

ఈ ఇంటికి కప్పడమే నయం. రంగు మాత్రం చిక్కటి నలుపు కాకుండా, వేదిక వెనక తెర నుంచి తీసుకున్న ముదురు రంగైతే కంటికి ఆనదు. ఉచితంగా దొరికే ffmpegలో ఆ పని ఇలా ఉంటుంది:

```
ffmpeg -i natyam.ts -vf "bwdif,drawbox=x=0:y=ih-104:w=iw:h=104:color=0x1A1012:t=fill" -c:v libx264 -crf 20 -c:a copy natyam2.mkv
```

ఇందులో `drawbox` పట్టీ వేస్తుంది. `bwdif` అంతకంటే ముందు రావాలి. చాలా ప్రసారాల్లో ఒక్కో ఫ్రేమును సరి గీతలూ బేసి గీతలూ అని రెండు వాయిదాల్లో పంపుతారు. వాటిని ముందు సరిచేయకపోతే కంప్యూటర్ తెర మీద, చెయ్యి విసిరిన ప్రతిసారీ దువ్వెన పళ్లలాంటి గీతలు లేస్తాయి. `-c:a copy` అన్నందువల్ల పాట, గజ్జెల చప్పుడు ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. బొమ్మ మాత్రం మళ్లీ కుదించబడుతుంది, నాణ్యత ఎంతో కొంత తగ్గుతుంది. అసలు ఫైలును చెరపకూడదనేది అందుకే.

లోగోను మాయం చేసే `delogo`తో ఇది కుదరదా అని తెలిసినవాళ్లు అడగవచ్చు. అది చుట్టూ ఉన్న చుక్కల్ని చూసి లోపల ఊహించి నింపుతుంది. మూలన చిన్న లోగోకైతే సరే. తెర పొడవునా, కింది అంచుకు ఆనుకుని ఉన్న పట్టీకి కింద చుట్టుపక్కలే లేవు. వచ్చేది సాగదీసిన మరక.

పని అయ్యాక మొదటి నిమిషం చూసి తృప్తిపడితే మోసపోతారు. పద్నాలుగో నిమిషంలో బ్రేకింగ్ న్యూస్ వచ్చి స్క్రోలింగ్ పైన ఇంకో ఎర్ర పట్టీ నలభై సెకన్లు నిలవవచ్చు. దానికి రెండో `drawbox` రాసి, చివర `:enable='between(t,840,880)'` అని చేరిస్తే అంతసేపే కప్పుతుంది. ప్రకటన కోసం చానల్ బొమ్మనే కుదించి ఒక మూలకు నెట్టిన చోట మాత్రం కప్పడానికి పట్టీ కాదు, సగం తెర కావాలి. ఆ ముక్కను ఇంట్లోవాళ్లు అలాగే వదిలేశారు.