ఏడు గ్రాముల గీత

బాత్రూమ్‌కి వెళ్లిన పెద్దాయన అక్కడే కళ్లు తిరిగి పడిపోయాడు. వయసు 58. అంతకు ముందు రోజు నుంచే విరేచనం తారులా నల్లగా, జిగటగా, భరించలేని వాసనతో అవుతోంది. తిన్నదేదో పడలేదనుకుని ఎవరికీ చెప్పలేదు. మోకాళ్ల నొప్పులకు నెల రోజులుగా మెడికల్ షాపులో డైక్లోఫినాక్ బిళ్లలు కొని వేసుకుంటున్నాడు. ఈ మనిషి పేరున్న ఒక వ్యక్తి కాడు. జిల్లా ఆస్పత్రుల్లో తరచూ కనిపించే రోగులను కలిపి ఒక ఉదాహరణగా చెబుతున్నాను.

అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగం, ఈ మూడింట్లో ఎక్కడ రక్తం కారినా అది పేగుల్లో జీర్ణమై నల్లగా బయటకు వస్తుంది. ఎక్కువసార్లు కారణం పుండే. ఆ పుండుకు రెండు మూలాలు. ఒకటి నొప్పి బిళ్లలు. జీర్ణాశయం లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడే రసాయనాల తయారీని అవి అడ్డుకుంటాయి. రెండోది హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. దాన్ని కనిపెట్టిన ఆస్ట్రేలియా వైద్యులు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇక లివర్ గట్టిపడిన వాళ్లలో, ముఖ్యంగా ఏళ్ల తరబడి మద్యం తాగినవాళ్లలో, అన్నవాహికలోని సిరలు ఉబ్బి పగులుతాయి. ఆ రక్తస్రావం పుండు కన్నా ప్రమాదకరం. విపరీతమైన వాంతులతో అన్నవాహిక చివర చిరగడం, క్యాన్సర్ వంటి కారణాలూ ఉన్నాయి.

మన పెద్దాయనను కొడుకు ఆస్పత్రికి తెచ్చాడు. నాడి నిమిషానికి 112, పై బీపీ 98, హిమోగ్లోబిన్ 8.2 గ్రాములు, రక్తంలో యూరియా 84 మిల్లీగ్రాములు. పేగుల్లోకి చేరిన రక్తం కూడా మాంసకృత్తే. అది జీర్ణమైతే యూరియా పెరుగుతుంది. కిడ్నీలకు రక్తం తగ్గడం వల్ల ఇంకాస్త పెరుగుతుంది.

ఇలాంటి రోగి ఎంత ప్రమాదంలో ఉన్నాడో తేల్చడానికి గ్లాస్గో–బ్లాచ్‌ఫోర్డ్ స్కోరు వాడతారు. స్కాట్లండ్ వైద్యులు 2000లో ప్రకటించిన లెక్క ఇది. ఎండోస్కోపీ చేయకముందే, బీపీ మిషను, రక్తపరీక్ష, నాలుగు ప్రశ్నలతో వేయవచ్చు. ఈయన విషయంలో హిమోగ్లోబిన్‌కు 6, యూరియాకు 4, బీపీకి 2, కళ్లు తిరిగి పడినందుకు 2, నాడికి 1, నల్ల విరేచనానికి 1. లివర్ జబ్బు, గుండె వైఫల్యం లేవు కనుక వాటికి ఏమీ లేదు. మొత్తం 16. గరిష్ఠం 23. సున్నా లేదా ఒకటి వచ్చినవాళ్లను చాలావరకు ఇంటికి పంపి, తర్వాత వచ్చి పరీక్ష చేయించుకోమనవచ్చు. 16 అంటే మంచం మీంచి కదలనివ్వకూడని మనిషి.

ఇక్కడే కొడుకు అందరు కొడుకుల్లాగే అడిగాడు. "డాక్టరుగారూ, నాన్నకి వెంటనే రెండు బాటిళ్ల రక్తం ఎక్కించండి. మా తమ్ముళ్లు బ్లడ్ బ్యాంకు దగ్గరే ఉన్నారు."

"ముందు సెలైన్ పెట్టి బీపీ నిలబెడదాం బాబూ. రక్తం సిద్ధంగా ఉంచండి. అవసరమైతేనే ఎక్కిస్తాను" అన్నాడు డాక్టరు.

కొడుక్కి అది నిర్లక్ష్యంలా తోచింది. రక్తం పోతుంటే రక్తమే ఎక్కించాలన్నది ఎవరికైనా తోచే మాట. చాలాకాలం వైద్యులూ అలాగే అనుకున్నారు. స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఒక ఆస్పత్రి వైద్యులు దాన్ని పరీక్షకు పెట్టారు. పైభాగంలో రక్తస్రావంతో వచ్చిన 921 మందిని లాటరీ పద్ధతిలో రెండుగా విభజించారు. ఒక వర్గానికి హిమోగ్లోబిన్ 7 కన్నా తగ్గితేనే రక్తం. రెండో వర్గానికి 9 కన్నా తగ్గగానే. 2013లో ఫలితాలు వచ్చాయి. ఆరు వారాల తర్వాత మొదటి వర్గంలో 95 శాతం, రెండో వర్గంలో 91 శాతం బతికి ఉన్నారు. రక్తస్రావం తిరగబెట్టింది మొదటి వర్గంలో 10 శాతానికి, రెండో వర్గంలో 16 శాతానికి. తక్కువ రక్తం అందుకున్నవాళ్లే ఎక్కువగా బతికారు. వాళ్లలో సగం మందికి అసలు రక్తం ఎక్కించే అవసరమే రాలేదు.

కారణం పూర్తిగా ఒక్కటే అని చెప్పలేం కానీ, లివర్ రోగుల్లో మాత్రం స్పష్టంగా కనిపించింది. ఎక్కువ రక్తం ఎక్కిస్తే లివర్‌కు వెళ్లే సిరల్లో ఒత్తిడి పెరుగుతుంది. అప్పటికే పగిలిన సిర ఇంకా తెరుచుకుంటుంది. పుండు ఉన్నవాళ్లలోనూ, మూసుకుంటున్న రక్తనాళం మీద ఒత్తిడి పెరగడం మంచిది కాదు.

అయితే ఈ గీతకు హద్దులున్నాయి, వాటిని మరవడం ప్రమాదం. కళ్లముందే ధారగా రక్తం వాంతి చేసుకుంటూ బీపీ పడిపోతున్నవాళ్లను ఆ పరిశోధనలో చేర్చనే లేదు. వాళ్లకు అంకె చూస్తూ కూర్చోకూడదు, రక్తం ఎక్కించాల్సిందే. ఎందుకంటే మొదటి గంటల్లో హిమోగ్లోబిన్ మోసం చేస్తుంది. గిన్నెలోంచి సగం చారు ఒంపేసినా మిగిలిన చారు అంతే చిక్కగా ఉంటుంది, నీళ్లు కలిశాకే పలచబడుతుంది. రక్తమూ అంతే. గుండె జబ్బు ఉన్నవాళ్లకు గీత 7 దగ్గర కాక 8 దగ్గర పెడతారు. ప్రాణవాయువు తగ్గితే ముందు దెబ్బతినేది గుండే కనుక.

మన పెద్దాయనకు సెలైన్ ఎక్కాక నాడి 88కి, బీపీ 114కి వచ్చాయి. మర్నాడు ఉదయం హిమోగ్లోబిన్ 7.4. అది కొత్తగా రక్తం పోవడం వల్ల కాదు, సెలైన్ కలిసి పలచబడటం వల్ల. నాడి, బీపీ నిలకడగా ఉండటమే దానికి గుర్తు. డాక్టరు ఆగాడు.

ఆ తర్వాత ఎండోస్కోపీ. ఎంత త్వరగా చేస్తే అంత మేలనిపిస్తుంది. కానీ హాంకాంగ్‌లో స్కోరు 12, ఆపైన ఉన్న 516 మందిపై చేసిన పరిశోధనలో ఆరు గంటల్లోపు చేసినందువల్ల, 6 నుంచి 24 గంటల మధ్య చేసిన దానికన్నా ఎక్కువమంది బతకలేదు. ముందు బీపీ కుదుటపరచడమే ముఖ్యం, ఎండోస్కోపీ ఒక రోజులోపు జరిగితే చాలు. సన్నటి గొట్టం నోట్లోంచి దింపితే చిన్నపేగు మొదట్లో పుండు, దాని మధ్య చిన్న మొటిమలా తెరుచుకున్న రక్తనాళం కనిపించాయి. చుట్టూ పలచని అడ్రినలిన్ సూదితో ఇచ్చారు. దానితో రక్తం తాత్కాలికంగా ఆగుతుంది, కానీ సూది ఒక్కటే సరిపోదు, తిరగబెడుతుంది. అందుకే రక్తనాళం మీద చిన్న లోహపు క్లిప్ బిగించారు. క్లిప్ బదులు వేడితో మాడ్చే పద్ధతీ ఉంది. ఉబ్బిన సిరలైతే రబ్బరు బ్యాండ్లు వేసి ముడేస్తారు, దానికి ముందే సిరల ఒత్తిడి తగ్గించే మందు, యాంటీబయాటిక్ మొదలుపెడతారు.

మూడు రోజులు ఆమ్లం తగ్గించే మందు ఎక్కువ మోతాదులో నరానికి ఇచ్చారు. ఆమ్లం ఉంటే రక్తం గడ్డ నిలవదు. పైలోరీ పరీక్షలో ఉందని తేలింది. (రక్తం కారుతున్నప్పుడు ఈ పరీక్ష లేదని తప్పుగా చూపించవచ్చు, అలాంటప్పుడు కొన్ని వారాల తర్వాత మళ్లీ చేయాలి.) రెండు వారాల యాంటీబయాటిక్స్, ఐరన్ బిళ్లలు రాసి పంపారు. హిమోగ్లోబిన్ 7.2 దగ్గర ఆగి, మెల్లగా పెరిగింది. ఒక్క సంచి రక్తం కూడా ఎక్కించలేదు. బ్లడ్ బ్యాంకు నుంచి తెచ్చిన రెండు సంచులూ వెనక్కి వెళ్లాయి.

ఐరన్ బిళ్లలు వేసుకున్నా విరేచనం నల్లబడుతుంది. కానీ జిగట, తారు వాసన, తల తిరగడం ఉండవు. అవి ఉంటే ఆ రోజే ఎండోస్కోపీ ఉన్న ఆస్పత్రికి వెళ్లండి. వేసుకుంటున్న బిళ్లల స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లండి. గుండె కోసం వైద్యుడు రాసిన ఆస్పిరిన్ మాత్రం సొంతంగా మానకండి, ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మళ్లీ మొదలెట్టాలో వైద్యుడినే చెప్పనివ్వండి. మీ ఇంట్లో అరవై దగ్గరపడ్డవాళ్లు మోకాళ్లకు రోజూ నొప్పి బిళ్ల వేసుకుంటుంటే, ఈ వారమే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లి, ఆ బిళ్ల కొనసాగించాలా, కడుపును కాపాడే మందు తోడుగా ఇవ్వాలా అని అడగండి.