అద్దె ఒప్పందం లేకపోతే ఖాతా రాదా?

కాలేజీ ముగించి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో మొదటి ఉద్యోగంలో చేరేవాళ్ల మధ్య ఒక మాట గట్టిగా నాటుకుపోయింది. ఆధార్‌లో సొంతూరి చిరునామా ఉంటే సిటీ బ్రాంచిలో ఖాతా ఇవ్వరట. ఆధార్ మార్పించుకోవాలట, లేదంటే అద్దె ఒప్పందం తేవాలట. దీన్ని నమ్మి కొందరు ఆర్నెల్లు కూడా ఉంటారో లేదో తెలియని హాస్టల్ చిరునామాను ఆధార్‌లోకి ఎక్కిస్తున్నారు. హాస్టల్ యజమాని ఎలాగూ ఒప్పందం రాసివ్వడు కాబట్టి మరికొందరు ముఖం కూడా చూడని ఇంటి ఓనరు పేరుతో స్టాంపు కాగితం పుట్టిస్తున్నారు. ఏ నిబంధనా అడగని కాగితం కోసం దొంగ పత్రం తయారుచేసి బ్యాంకులో ఇవ్వడమంటే, జీతం చేతికి రాకముందే నేరం చేయడమే.

రిజర్వు బ్యాంకు కేవైసీ ఆదేశాలు చెప్పేది ఇంతకంటే చాలా సులువు. గుర్తింపుకూ చిరునామాకూ కలిపి ఒక్క పత్రం చాలు: పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు, ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, జాతీయ జనాభా రిజిస్టరు ఇచ్చిన లేఖ, వీటిలో ఏదైనా. దానితోపాటు పాన్, ఫొటో. ఇక చిరునామా సంగతి. శ్రీకాకుళం జిల్లా చిరునామాతో ఆధార్ ఉన్న అమ్మాయి మాదాపూర్ హాస్టల్లో ఉంటోందనుకుందాం. బ్రాంచిలో వేలిముద్ర వేసి ఈ-కేవైసీ చేయించుకుంటే, ప్రస్తుతం ఫలానా చోట ఉంటున్నానని తనే రాసి సంతకం పెట్టిన ప్రకటన సరిపోతుంది. ఆధార్ మార్చక్కర్లేదు, ఒప్పందం అక్కర్లేదు. ఈ-కేవైసీ కాకుండా పాత చిరునామా ఉన్న లైసెన్సో ఓటరు కార్డో ఇస్తేనే అదనపు రుజువు కావాలి. రెండు నెలలకు మించి పాతబడని కరెంటు లేదా పోస్ట్‌పెయిడ్ ఫోను బిల్లు ఇచ్చి, కొత్త చిరునామాతో అసలు పత్రాన్ని మూడు నెలల్లో అందించాలి.

'కౌంటర్లో ఉన్నాయనే అడిగాడు కదా' అంటారు. అడుగుతారు, నిజమే. కొన్ని బ్రాంచీల్లో అలవాటు కొద్దీ అడుగుతారు, కొన్నిచోట్ల మా ఏరియా కాదని తప్పించుకోవడానికి అడుగుతారు. అడిగినంత మాత్రాన అది రిజర్వు బ్యాంకు నిబంధన అయిపోదు. దరఖాస్తును తిరస్కరిస్తే అధికారి కారణం నమోదు చేయాలన్నది మాత్రం నిబంధనే. కాబట్టి వాదనకు దిగకుండా, స్వీయ ప్రకటన జతచేసిన దరఖాస్తు ఇచ్చి, తిరస్కరణ ఉంటే రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. చాలా సందర్భాల్లో అక్కడే పని తెములుతుంది. తెమలకపోతే బ్యాంకుకు ఫిర్యాదు రాసి, 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు పంపవచ్చు. ఈలోగా పక్క బ్యాంకు ఎటూ ఉంది.

ఈ గొడవంతా ఎందుకు, ఫోన్లో ఆధార్ ఓటీపీతో ఐదు నిమిషాల్లో ఖాతా వస్తుంది కదా అనేవాళ్ల మాటలో కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. వస్తుంది. కానీ ఓటీపీతోనే ఆగిపోయిన ఖాతాలో నిల్వ లక్ష రూపాయలు దాటకూడదు, ఆర్థిక సంవత్సరం మొత్తంలో జమలు 2 లక్షలు మించకూడదు, ఏడాదిలోగా పూర్తి కేవైసీ చేయకపోతే దాన్ని మూసేస్తారు. ఏప్రిల్‌లో చేరి నెలకు 25,000 తీసుకునేవాడికి నవంబరు జీతంతో 2 లక్షలూ నిండిపోతాయి, డిసెంబరు జీతానికి చోటుండదు. తప్పు హెచ్‌ఆర్‌దని వాళ్లమీద పడతాడు పాపం. బ్యాంకు ఉద్యోగితో వీడియో కేవైసీ పూర్తిచేస్తే, లేదా ఒకసారి బ్రాంచికి వెళ్తే ఈ పరిమితులు పోతాయి. మొదటి జీతానికి ముందే ఆ పని చేసేయండి.

ఆఫర్ లెటర్ లేనిదే ఏ ఖాతా ఇవ్వరన్నది తప్పు. అది జీతం ఖాతా సౌకర్యాల కోసం అడిగే కాగితం, కేవైసీ పత్రం కాదు. ఆధార్ తప్పనిసరి అన్నమాటకూ 2018లోనే సుప్రీంకోర్టు కాదని జవాబిచ్చింది.

నిజంగా పని ఆపేది చిరునామా కాదు, పేరు. మనవాళ్ల ఇంటిపేరు పదో తరగతి మెమోలో ఒక పొడి అక్షరంగా ఉంటుంది, పాన్‌లో పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్కోసారి అసలుండదు. పుట్టిన తేదీ తేడా దీనికి తోడైతే పాన్, ఆధార్ అనుసంధానమే జరగదు. కాబట్టి అద్దె ఒప్పందం కోసం తిరిగే సమయంలో పాన్, ఆధార్ పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం సరిచూసుకోండి. తేడా ఉంటే పదో తరగతి మెమో ఆధారంగా ముందు ఆధార్, తర్వాత పాన్ దిద్దించుకుని, కంపెనీకి కూడా అదే పేరు ఇవ్వండి.